ఇంటికి ఒక మెయిల్ పెట్టె, ప్రతి మెయిల్‌కూ ఒకరి పూచీ

కారు ఇన్సూరెన్స్ గడువు దగ్గర పడుతోందని కంపెనీ నెల ముందు నుంచే గుర్తుచేస్తుంది. మొదటి మెయిల్ ఆయన తెరిచి చూస్తాడు, జీతం పడ్డాక కడదాం అనుకుంటాడు. రెండోది ఆమె చూస్తుంది, ఆయన చూసుకుంటున్నాడులే అనుకుంటుంది. మూడోదాన్ని ఇద్దరూ చదివిన మెయిళ్ల వరుసలో చూసి దాటిపోతారు. కొన్నాళ్లకు ఎప్పుడో అన్నం తింటూ మాటొస్తుంది.

"ఏమండీ, కారు ఇన్సూరెన్స్ కట్టారా?"

"మెయిల్ నువ్వు చూశావుగా. కట్టేశావనుకున్నా."

అప్పటికి గడువు దాటి ఉంటుంది. జీవిత బీమాలో ఉన్నట్టు వాహన బీమాలో గడువు తర్వాత కొన్నాళ్ల వెసులుబాటు ఉండదు. పాలసీలో రాసిన తేదీ అర్ధరాత్రి దాటగానే రక్షణ ఆగిపోతుంది. థర్డ్ పార్టీ బీమా లేని బండితో మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా గానీ మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. మళ్లీ కట్టబోతే సాధారణంగా బండి తనిఖీ అయ్యాకే సొంత నష్టానికి పాలసీ ఇస్తారు. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినవారికి అది సొంత నష్టం ప్రీమియంలో సగం దాకా తగ్గింపు.

ఈ ఇంట్లో సమాచారానికి లోటు లేదు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ తెలియడం వల్లే పని ఎవరిదీ కాకుండా పోయింది. ఇంటి బిల్లులకు, బడి నోటీసులకు, రెన్యువల్స్‌కు అందరూ చూసేలా ఒక మెయిల్ పెట్టె పెట్టుకోవాలనుకునేవారు ముందు ఆలోచించుకోవాల్సింది ఇదే. చూడటం పదిమందిదీ కావచ్చు, చేయడం మాత్రం ఒక్కరిదే అయి ఉండాలి. ఈ కట్టుబాటు లేకుండా ఉమ్మడి పెట్టె తెరిస్తే, ఇద్దరి మధ్య జరిగే పొరపాటు నలుగురి మధ్య జరుగుతుంది.

పాస్‌వర్డ్ పంచకుండా పెట్టె పంచడం

ఒక ఇంటిని తీసుకుందాం. మియాపూర్‌లో సొంత ఫ్లాట్. భర్తది రాత్రి షిఫ్టుల ఉద్యోగం, భార్య బడి టీచరు. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగో తరగతి. భర్త తల్లి తెనాలిలో తమ పాత ఇంట్లోనే ఉంటుంది. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. కరెంటు బిల్లులు రెండు చోట్ల, ఇంటి పన్నులు రెండు చోట్ల, జలమండలి బిల్లు, కారు, స్కూటరు, ఆరోగ్య బీమా, పిల్లల ఫీజులు. ఇందులో సగం ఆయన మెయిల్‌కు, కొన్ని ఆమె మెయిల్‌కు, ఒకటి రెండు ఎప్పుడో మానేసిన పాత మెయిల్‌కు వస్తుంటాయి.

ఎక్కువమంది చేసేది ఏమిటంటే, కొత్తగా ఒక జీమెయిల్ తెరిచి దాని పాస్‌వర్డ్ అందరికీ వాట్సాప్‌లో పంపేస్తారు. ఇది వద్దు. ఒకే ఖాతాలోకి హైదరాబాద్ నుంచి, తెనాలి నుంచి, డాలస్ నుంచి లాగిన్ అవుతుంటే గూగుల్‌కు అనుమానం రావచ్చు, తలుపు బిగించవచ్చు. రెండంచెల భద్రత పెట్టుకుంటే ఆ నిర్ధారణ ఒక్కరి ఫోన్‌కే రావచ్చు, అప్పుడు మిగతావాళ్లు అర్ధరాత్రి వాళ్లను లేపాలి. పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాళ్లూ దాన్ని మార్చగలరు కూడా.

జీమెయిల్‌లోనే దీనికి మంచి దారి ఉంది. ఖాతా ఒక్కరి పేరిట ఉంటుంది, మిగతావారికి తమ తమ సొంత ఖాతాల నుంచే ఆ పెట్టెను చూసే అధికారం ఇవ్వవచ్చు. మన ఇంట్లో ఖాతా ఆమె తెరుస్తుంది. అడ్రసులో పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు పెట్టకుండా, ఫోన్‌లో చెబితే బడి గుమాస్తా తప్పులేకుండా రాసుకోగలిగేలా ఇంటిపేరుతో చిన్నగా పెట్టుకుంటే చాలు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, గేరు గుర్తు నొక్కి, See all settings లోకి వెళ్లి, Accounts and Import అనే చోట Grant access to your account కనబడుతుంది. అక్కడ Add another account నొక్కి భర్త మెయిల్, మరిది మెయిల్ ఇవ్వాలి. వాళ్లకు ఆహ్వానం వెళుతుంది. వారం లోపల ఒప్పుకోవాలి, దాటితే మళ్లీ పంపాలి. ఒప్పుకున్నాక కూడా పనిచేయడానికి ఒక రోజు పట్టవచ్చు. మామూలు ఖాతాకు ఇలా పదిమంది దాకా చేర్చుకోవచ్చు, ఒక ఇంటికి ఇది ఎక్కువే.

ఇలా చేరినవాళ్లు మెయిళ్లు చదవగలరు, జవాబివ్వగలరు, తుడిచేయగలరు కూడా. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేరు. రేపు ఎవరినైనా తీసేయాల్సి వస్తే ఒక్క నొక్కుతో తీసేయవచ్చు, మిగతావాళ్లకు కొత్త పాస్‌వర్డ్ చెప్పుకునే పని ఉండదు.

అదే చోట రెండు చిన్న ఎంపికలుంటాయి. చాలామంది వాటిని చదవకుండా దాటేస్తారు గానీ మొదట్లో చెప్పిన కారు కథకు మూలం అక్కడే ఉంది. Mark conversation as read when opened by others అన్నది మొదటిది. అది ఉంటే ఆయన తెరిచిన మెయిల్ ఆమెకు కూడా చదివేసినట్టే, నల్లని మందపాటి అక్షరాలు పోయి మామూలుగా కనబడుతుంది. దాని బదులు Leave conversation unread when opened by others ఎంచుకోవాలి. అప్పుడు చేరినవాళ్లు తెరిచినా అది చదవని మెయిల్‌గానే ఉంటుంది. రెండోది జవాబుల గురించి. ఉమ్మడి అడ్రసు నుంచి ఎవరు జవాబిచ్చారో వారి పేరు కూడా అవతలివారికి కనబడేలా ఉంచుకోవచ్చు. బడితో మాట్లాడేటప్పుడు అది ఉండటమే మేలు. తల్లి రాసిందా, తండ్రి రాశాడా అన్నది టీచరుకు తెలుస్తుంది.

ఇంకొక సర్దుబాటు. జీమెయిల్ వచ్చిన మెయిళ్లను Primary, Promotions, Updates అంటూ వేరు చేస్తుంది. బీమా కంపెనీల గుర్తుచేసే మెయిళ్లు తరచుగా Promotions లో, చీరల తగ్గింపు ధరల పక్కన చేరతాయి. ఇంటి పెట్టెలో ఆ విభజన తీసేసి అన్నీ ఒకే వరుసలో కనబడేలా పెట్టుకోవాలి.

ఏది ఈ పెట్టెలోకి రాకూడదు

ఉత్సాహంలో అన్నింటికీ ఈ కొత్త అడ్రసే ఇచ్చేస్తారు. అక్కడ ఆగాలి. ఏ వెబ్‌సైటులోనైనా పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు నమోదైన మెయిల్‌కే వస్తుంది. అంటే ఒక ఖాతాకు ఏ మెయిల్ ఇచ్చారో ఆ మెయిల్ చదవగలిగే ప్రతివారికీ ఆ ఖాతా తలుపు సగం తెరిచినట్టే. కరెంటు బిల్లు విషయంలో దీనివల్ల పోయేదేమీ లేదు. బ్యాంకు, డీమ్యాట్, ఆదాయపు పన్ను, పీఎఫ్, ఆధార్ విషయంలో చాలా ఉంది. ఇవి ఎవరివి వారి సొంత మెయిల్‌లోనే ఉండాలి. అత్తగారి బ్యాంకు ఖాతా మెయిల్ కూడా అంతే. ఆమె పెద్దదైపోయిందని ఆమె డబ్బుకు తాళంచెవి నలుగురి చేతికి ఇవ్వనక్కరలేదు. పెద్దవాళ్ల వైద్య పరీక్షల రిపోర్టులు కూడా వారు ఇష్టపడితే తప్ప ఇందులోకి రాకూడదు.

జీవిత బీమా, ఆరోగ్య బీమా మధ్యరకం. పాలసీ ఒకరి పేరున ఉంటుంది, కానీ ప్రీమియం తేదీ దాటితే ఇల్లంతటికీ నష్టం. వీటికి నమోదైన మెయిల్ మార్చకుండా, పాలసీదారు తన సొంత జీమెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టుకుని ఆ కంపెనీ మెయిళ్ల నకలు మాత్రం ఇంటి పెట్టెకు వచ్చేలా చేసుకోవడం మంచి దారి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో Forwarding and POP/IMAP దగ్గర ముందుగా ఇంటి అడ్రసును చేర్చాలి. ఆ అడ్రసుకు ఒక నిర్ధారణ కోడ్ వెళుతుంది, అది ఇస్తేనే పని మొదలవుతుంది. తర్వాత ఫిల్టర్‌లో కంపెనీ పంపే అడ్రసు పెట్టి Forward it to ఎంచుకోవాలి. ఒక్క లోపం గుర్తుపెట్టుకోవాలి. స్పామ్‌లో పడ్డ మెయిల్ ఇలా ముందుకు వెళ్లదు. అందుకే ఆ ఫిల్టర్‌లోనే Never send it to Spam కూడా టిక్కు పెట్టాలి.

ఇక ఈ పెట్టెకు నేరుగా మార్చాల్సినవి విద్యుత్తు, నీళ్లు, ఇంటి పన్ను, గ్యాస్, ఇంటర్నెట్, బడి, వాహన బీమా. వీటిని వెతికి పట్టుకోవడానికి ఇద్దరూ తమ తమ పాత మెయిళ్లలో ఇలా వెతకవచ్చు.

```
subject:(renewal OR premium OR bill OR "due date") newer_than:1y
```

ఏడాది వెనక్కి వెళ్లడం ఎందుకంటే, ఏడాదికోసారి వచ్చేవే మనం మర్చిపోయేవి. దొరికిన ప్రతిదాన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే దాని పక్కనే గుర్తింపు నంబరు రాయాలి. తెలంగాణ కరెంటుకు యూనిక్ సర్వీస్ నంబరు, జలమండలికి క్యాన్ నంబరు, జీహెచ్‌ఎంసీ ఇంటి పన్నుకు పీటీఐఎన్, తెనాలి ఇంటికి అక్కడి సర్వీస్ నంబరు. ఈ నంబర్లతో ఇంకో పెద్ద పని ఉంది, అది తర్వాత చెబుతాను.

పేరున్న లేబుళ్లు

జీమెయిల్‌లో లేబుళ్లు పెట్టుకోమంటే అందరూ బిల్లులు, బడి, బీమా అని పెడతారు. నా సలహా వేరు. మనుషుల పేర్లతో పెట్టండి. బిల్లు అనే లేబుల్ ఉన్న మెయిల్ బిల్లు అని తెరవకముందే తెలుస్తుంది, ఆ లేబుల్ కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ బిల్లు ఎవరు చూడాలి అన్నదే తెలియనిది. మన ఇంట్లో మూడు లేబుళ్లు చాలు. పిల్లలు పిలిచే పిలుపులే వాటికి పేర్లు: అమ్మ, నాన్న, బాబాయ్. తెలుగులోనే పెట్టుకోవచ్చు, జీమెయిల్ ఒప్పుకుంటుంది.

ఇప్పుడు ఎవరి పూచీ ఏదో కూర్చుని తేల్చుకోవాలి. ఇక్కడే ఇళ్లలో మాట పట్టింపులు వస్తాయి, కాబట్టి పూచీ అంటే ఏమిటో ముందే అనుకోవడం మంచిది. పూచీ అంటే తన జేబులోంచి కట్టడం కాదు. మెయిల్ చదవడం, మొత్తం సరిగ్గా ఉందో చూడటం, గడువులోగా ఎవరి ఖాతా నుంచి అయినా కట్టించడం, రసీదు తెచ్చి పెట్టెలో పెట్టడం. ఇందులో ఏ ఒక్కటి మిగిలినా పని అయినట్టు కాదు.

మన ఇంట్లో పిల్లల బడి వ్యవహారం మొత్తం ఆమెకు పడిపోవడం మామూలు. ఆమె టీచరు కాబట్టి ఆమెకే తెలుసంటారు. అలా వదిలేయవద్దు. బాబు బడి ఆయనకు, పాప బడి ఆమెకు అని పిల్లల వారీగా విడదీస్తే ఇద్దరికీ ఒక్కో పని పూర్తిగా చేతిలో ఉంటుంది. ఫీజు ఒకరికి, అనుమతి చీటీలు ఒకరికి అని విడదీస్తే మాత్రం మళ్లీ పాత గొడవే. ఒకే సర్క్యులర్‌లో ఫీజు తేదీ, పిక్నిక్ చీటీ రెండూ ఉంటాయి. వాహనాలు, ఇంటర్నెట్ నాన్నకు. ఫ్లాట్ కరెంటు, నీళ్లు, ఇంటి పన్ను అమ్మకు. తెనాలి ఇంటి కరెంటు, పన్ను డాలస్‌లో ఉన్న బాబాయ్‌కి.

"వదినా, అక్కడి పనులు నాకెందుకులే అని మీరు అనుకోవద్దు, నా పేరు పెట్టండి" అని అలాంటి తమ్ముళ్లు చాలామంది తామే అడుగుతారు. దూరంగా ఉన్నవారికి తల్లి కోసం చేయగలిగే పని ఒకటి చేతికి వస్తుంది. తన ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి కట్టగలడు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, గడువు తేదీ మన దేశపు తేదీ. డాలస్‌లో పదో తేదీ మధ్యాహ్నం అయ్యేసరికి తెనాలిలో పదకొండు వచ్చేస్తుంది. అందుకే ఆయన గడువును ఎప్పుడూ ఒక రోజు ముందుకు జరిపి రాసుకోవాలి.

ప్రతి పూచీకి ఒక తోడు కూడా ఉండాలి. ఆయన ఊరెళ్లినా, ఆమె ఆసుపత్రిలో ఉన్నా ఆ పని ఎవరు చూస్తారన్నది ముందే రాసి ఉండాలి. తోడు మామూలు రోజుల్లో ఏమీ చేయకూడదు. సాయం చేద్దామని తోడు మధ్యలో కట్టేస్తే రెండుసార్లు కట్టడం జరుగుతుంది. ఆ డబ్బు తిరిగి రావడానికి, లేదా వచ్చే బిల్లులో సర్దుబాటు కావడానికి తిరగాల్సి వస్తుంది. పూచీ మారినప్పుడు ఆ సంగతి నోటిమాటగా కాకుండా ఆ మెయిల్ కిందనే రాయాలి: ఈ నెల నాన్న లేరు, స్కూటరు పొల్యూషన్ సర్టిఫికెట్ అమ్మ చూస్తుంది.

లేబుళ్లు పడటానికి ఫిల్టర్లు పెట్టాలి. వెతుకు గడి పక్కన గీతల గుర్తు నొక్కి, From లో కంపెనీ అడ్రసు ఇచ్చి, Create filter నొక్కి, Apply the label దగ్గర పేరు ఎంచుకోవాలి. అక్కడే Forward it to లో ఆ పూచీదారు సొంత మెయిల్ కూడా ఇస్తే ఆయన ఫోన్ మోగుతుంది. ఇది అనవసరం అనిపించవచ్చు, కానీ వేరేవాళ్ల పెట్టెను చూసే సదుపాయం కంప్యూటర్‌లో ఉన్నంత తేలిగ్గా అన్ని ఫోన్లలోనూ ఉంటుందని నమ్ముకోవద్దు. రోజంతా ఫోనే చూసేవారికి కబురు ఫోన్‌లోనే అందాలి. ఇక పేరు పడని మెయిల్ ఏదైనా వస్తే దానికి పేరు పెట్టే పని నెలకొకరిది. ఆ నెల ఆ మనిషి పేరు పెట్టేదాకా ఆ మెయిల్ వారిదే.

ఒక్క నియమం మీద ఇదంతా నిలబడుతుంది. Inbox లో ఉన్నది కానిపని. పని అయ్యాక పూచీదారు మాత్రమే దాన్ని Archive చేయాలి. అలా చేస్తే మెయిల్ పోదు, All Mail లో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. చదివారా లేదా అన్నది ఇక ఎవరూ చూడనక్కరలేదు. ఆదివారం పొద్దున ఒకరు ఇలా వెతికితే పదిరోజులుగా కదలనివి బయటపడతాయి.

```
in:inbox older_than:10d
```

ఇందులో ఏదైనా కనబడితే దాని లేబుల్ మీద పేరున్న మనిషిని అడగాలి. ఆరోజే స్పామ్ కూడా ఒకసారి చూడాలి. అక్కడివి 30 రోజులకు వాటంతటవే పోతాయి.

జూన్ నెలలో ఒక వారం

బళ్లు తెరిచిన వారం ఎలా నడుస్తుందో చూద్దాం. రెండు రాష్ట్రాల్లోనూ బళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి పెట్టెకు అసలు పరీక్ష అప్పుడే.

పాప డైరీలో ఒక చీటీ వచ్చింది. 20వ తేదీలోగా రక్తం గ్రూపు, టీకాల వివరాలు రాసి సంతకం చేసి పంపాలి. బాబు బడి ఫీజు సర్క్యులర్ తరగతి వాట్సాప్ గ్రూపులో ఫొటోగా వచ్చింది. ఈ రెండూ మెయిళ్లు కావు. ఉమ్మడి పెట్టె పెట్టుకున్న ఇళ్లలో చాలావాటికి ఇక్కడే దెబ్బ తగులుతుంది, పెట్టెలో లేనిది లేనట్టే లెక్క అవుతుంది. అందుకే మన ఇంట్లో ఒక అలవాటు. కాగితం అయినా వాట్సాప్ ఫొటో అయినా ముందు చూసినవాళ్లు దాన్ని ఇంటి అడ్రసుకు పంపాలి, విషయం గడిలో ఎవరిది, ఎప్పటిలోగా, ఏం చేయాలి అన్న మూడు ముక్కలు రాయాలి. పాప డైరీ నాన్న చేతికి దొరికింది. ఆయన ఫొటో తీసి "పాప, జూన్ 20లోగా, ఆరోగ్య చీటీ సంతకం" అని పంపాడు. పని మాత్రం ఆయన చేయలేదు, అది అమ్మది. సంతకం పెట్టి పంపాక ఆమె ఆ మెయిల్‌ను Archive చేసింది. మీటర్ రీడర్ చేతికిచ్చే కరెంటు బిల్లు కాగితం కూడా ఇలాగే ఫొటోగా చేరుతుంది.

కారు పాలసీ జూలై 3తో ముగుస్తుంది. కంపెనీ మెయిల్ జూన్ 5న వచ్చింది, నాన్న లేబుల్ పడింది. ఆయన వేరే రెండు కంపెనీల ధరలు చూసుకుని, నో క్లెయిమ్ బోనస్ శాతం పాత పాలసీలో ఉన్నట్టే కొత్తదాంట్లో పడిందో లేదో పోల్చుకుని, 25న కట్టాడు. కొత్త పాలసీ కాపీ ఆ మెయిల్ కిందనే జవాబుగా పెట్టి Archive చేశాడు. రేపు రోడ్డు మీద ఆమె బండి నడుపుతూ ఉన్నప్పుడు పోలీసు అడిగితే ఆమె ఫోన్‌లోనూ అది దొరుకుతుంది.

తెనాలి కరెంటు బిల్లు అత్తగారి చేతికి కాగితంగా వచ్చింది. ఆమె పక్కింటి అబ్బాయితో ఫొటో తీయించి కోడలికి పంపింది.

"అమ్మాయీ, ఈసారి బిల్లు ఎక్కువొచ్చింది, చూడండి."

ఆమె దాన్ని పెట్టెకు పంపి బాబాయ్ లేబుల్ పెట్టింది. ఆయన సర్వీస్ నంబరు సరిపోల్చి, కిందటి నెలల యూనిట్లతో పోల్చి, ఎండాకాలం ఏసీ వాడకమేనని తేల్చుకుని కట్టాడు, రసీదు పెట్టాడు. అత్తయ్యకు ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పారు కూడా. పెట్టెలో లేని మనిషికి పని అయిందని చెప్పడం కూడా పూచీలో భాగమే.

ఆటో డెబిట్ పెట్టేస్తే ఇదంతా ఎందుకు అని కొందరంటారు. పెట్టుకోవచ్చు, కానీ పూచీదారు అప్పుడు కూడా ఉండాలి. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు కబురు పంపాలి. ఆ కబురు చూసి ఖాతాలో డబ్బుందో లేదో చూసేవారు లేకపోతే, కోత విఫలమైన సంగతి ప్రీమియం గడువు దాటాక తెలుస్తుంది.

రాని మెయిల్, దొంగ మెయిల్

మెయిల్ పెట్టెకు ఒక పెద్ద పరిమితి ఉంది. వచ్చినదాన్నే అది చూపగలదు. రావాల్సింది రాకపోతే అక్కడ ఏ అలికిడీ ఉండదు. కంపెనీ అడ్రసు మారి ఫిల్టర్ పట్టకపోవచ్చు, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయి మెయిళ్లు వెనక్కి పోతుండవచ్చు. డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్ లాంటివాటికి గుర్తుచేసే మెయిల్ వస్తుందని అసలు నమ్ముకోకూడదు. లైసెన్స్ గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఇవ్వాలి. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లకే అయిపోతుంది, పెద్దవాళ్లకు పదేళ్లు కదా అన్న లెక్కలో ఉండి చాలామంది విమానం టిక్కెట్లు కొనేటప్పుడు చూసుకుంటారు.

కాబట్టి రెన్యువల్ తేదీలు మెయిల్‌లో కాక క్యాలెండర్‌లో ఉండాలి. కొత్త పాలసీ చేతికి వచ్చిన రోజే వచ్చే ఏడాది తేదీని, దానికి నెల ముందు ఒక తేదీని పూచీదారు పేరుతో రాయాలి. గూగుల్‌లో ఫ్యామిలీ గ్రూపు పెట్టుకుంటే ఆరుగురి దాకా అందరికీ కనబడే Family క్యాలెండర్ దానంతటదే వస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఉమ్మడి క్యాలెండర్‌లో ఒకరు పెట్టుకున్న మోత వారి ఫోన్‌లోనే మోగుతుంది. ఆమె రాసి, ముందు రోజు మోగేలా పెట్టినా ఆయన ఫోన్ మోగదు. పూచీదారు తన ఫోన్ నుంచి తానే పెట్టుకోవాలి. ఏప్రిల్ మొదటి వారంలో ఇంటి పన్ను అని కూడా రాసుకోండి. జీహెచ్‌ఎంసీ గత కొన్నేళ్లుగా ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లో కట్టినవారికి 5 శాతం తగ్గింపు ఇస్తూ వచ్చింది.

ఇక దొంగ మెయిళ్లు. ఇంటి అడ్రసు ఎన్నో చోట్ల ఇస్తాం కాబట్టి అవి తప్పవు. ఈ రాత్రికే కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి అన్న సందేశాలు దేశమంతా ఎందరినో ముంచాయి. ట్రాఫిక్ చలానా పేరుతో ఫోన్‌లో ఎక్కించుకోమని ఫైలు పంపేవి మరో రకం. ముందు రాసుకున్న గుర్తింపు నంబర్లు అక్కరకొచ్చేది ఇక్కడే. మెయిల్‌లో మన సర్వీస్ నంబరు ఉండి, అది మన కాగితంలో ఉన్నదానితో సరిపోతేనే ముందుకు వెళ్లాలి. సరిపోయినా మెయిల్‌లోని లింకు నుంచి కట్టకూడదు. విద్యుత్ సంస్థ సొంత యాప్‌లోనో, రోజూ వాడే చెల్లింపు యాప్‌లోనో ఆ నంబరు మనమే కొట్టి చూస్తే, నిజంగా బాకీ ఉంటే అక్కడ కనబడుతుంది. లేకపోతే బాకీ లేదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

చివరగా ఖాతా భద్రత. ఖాతా ఆమె పేరున ఉంది కాబట్టి కోలుకునే ఫోన్ నంబరుగా ఆయనది ఇవ్వాలి. ఎవరైనా నంబరు మార్చుకుంటే ఆరోజే ఇక్కడా మార్చాలి. వాడకం ఆపేసిన నంబరు 90 రోజుల తర్వాత మరొకరి చేతికి వెళ్లవచ్చు. రెండంచెల భద్రత పెట్టాక గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి ఇంటి పత్రాలున్న బీరువాలో ఉంచాలి. కొత్త కోడ్‌లు తీసిన రోజున పాతవి చెల్లవు, కాబట్టి ఆ కాగితం చింపి కొత్తది పెట్టాలి. Inactive Account Manager అనే చోట, ఖాతా మూడు నెలల నుంచి 18 నెలల వరకు మనం చెప్పినంత కాలం కదలకపోతే ఎవరికి కబురు వెళ్లాలో చెప్పుకోవచ్చు. అక్కడ భర్త పేరు, మరిది పేరు రెండూ ఇవ్వండి. ఆ కబురు వెళ్లేలోపు గడువు తీరే పాలసీలు ఉంటాయి కాబట్టి, కోడ్‌ల కాగితం పక్కనే గుర్తింపు నంబర్లు, ఎవరి పూచీ ఏది అన్న కాగితం కూడా ఉంచి, అది ఉన్న అర ఏదో ఇద్దరికీ చూపించండి.